ఆగస్టు 29 ఆటల పోటీలు: మైకు దగ్గర చదవాల్సిన కామెంటరీ

చెప్పేవాళ్ళు: తెలుగు మాస్టారు, తొమ్మిదో తరగతి హారిక. మామూలు అక్షరాల్లో ఉన్నది మైకులో చదవాలి. కుండలీకరణాల్లో ఉన్నది మనకోసం.

ముందుగా పేర్లు

(గ్రౌండ్‌కి వెళ్ళేముందు ఇద్దరూ గట్టిగా రెండుసార్లు చదవండి. ఏ పేరైనా అనుమానమొస్తే ఆ పిల్లనే అడగండి.

బిశ్వజిత్: పేరు "బి"తోనే. విశ్వజిత్ అని దిద్దొద్దు. వాళ్ళింట్లో ఒడియా మాట్లాడతారు, వాళ్ళ నాన్నగారు గేటు దగ్గరే కూర్చుంటారు.

జోయా: "జొన్న"లో జ లాగా. "జింక"లో జ కాదు.

ఝాన్సీ: ఒత్తు వినబడాలి.

శిరీష: మొదట శ, చివర ష. తొందరలో "సిరీస" అయిపోతుంది, అక్కడ కాస్త నెమ్మది.

లక్ష్మీప్రియ, లక్ష్మీప్రసన్న ఒకే పరుగులో ఉన్నారు. ఉత్త "లక్ష్మి" అంటే రెండిళ్ళవాళ్ళూ లేచి నిలబడతారు. ప్రతిసారీ పూర్తి పేరు చెప్పాలి.

ఇంటిపేర్లు అసలొద్దు. ఇంటిపేరు వినగానే ఎవరి పిల్లో లెక్కగట్టే ఊళ్ళు మనవి. ఈ రోజుకి పేరు, జట్టు, అంతే. తరగతిలో పెట్టుకున్న ముద్దుపేర్లు కూడా మైకులోకి రాకూడదు.)

ఉదయం 9 గంటలు, మార్చ్‌పాస్ట్

మాస్టారు: అమ్మలకు, నాన్నలకు, తాతయ్యలకు, నానమ్మలకు, గోడెక్కి కూర్చున్న తమ్ముళ్ళకు కూడా నమస్కారం! ఇవాళ ఆగస్టు 29. హాకీ మాంత్రికుడు ధ్యాన్‌చంద్ 1905లో పుట్టిన రోజు. 1928లో, 1932లో, 1936లో మూడు ఒలింపిక్స్‌లో మూడు బంగారు పతకాలు గెలిచిన జట్లలో ఆడిన మనిషి. ఆయన పుట్టినరోజునే దేశమంతా క్రీడా దినోత్సవం చేసుకుంటోంది. మన హైస్కూలు కూడా సిద్ధం!

హారిక: అదిగో వస్తున్నాయి మన నాలుగు నదులు! ముందు నీలి జెండా, వంశధార! వెనకాలే ఆకుపచ్చ, నాగావళి! పసుపు జెండా, మహేంద్రతనయ! ఎర్ర జెండా, మన ఇచ్ఛాపురం పక్కనుంచి పారే బాహుద! ఏ నదికి ఎంత చప్పుడుందో చూద్దాం. వంశధార ఎక్కడ?

(ఆగాలి. అరుపు తగ్గాకే తర్వాతి పేరు. నాలుగింటికీ అంతే సమయం ఇవ్వాలి. మాస్టారి తరగతి వంశధారలో ఉంది కదా అని అక్కడ ఎక్కువ ఆగొద్దు.)

9:40, ఆరో తరగతి గోనెసంచి పందెం

హారిక: సంచి రెండు చేతులతో గట్టిగా పట్టుకోండి! గంతులు చిన్నగా వేయండి! విజిల్! బయల్దేరారు! ఒకరు పడ్డారు, లేచారు, చప్పట్లు! ఇంకొకరు పడ్డారు, నవ్వుతూ లేచారు, ఇంకా పెద్ద చప్పట్లు!

(పడ్డవాళ్ళ పేరు చెప్పొద్దు. లేచి గీత దాటాక చెప్పండి.)

10:15, అమ్మాయిల 100 మీటర్ల ఫైనల్

మాస్టారు: ఇప్పుడు అందరూ ఎదురుచూస్తున్న పరుగు. ఒకటో లైన్‌లో వంశధార శిరీష. రెండులో నాగావళి జోయా. మూడులో మహేంద్రతనయ నీలవేణి. నాలుగులో బాహుద ఝాన్సీ. ఐదులో మళ్ళీ వంశధార, లక్ష్మీప్రియ. ఆరులో నాగావళి లక్ష్మీప్రసన్న. ఈ జిల్లా ఆడపిల్లల గురించి ఒక్క మాట. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో 240 కిలోలు ఎత్తి, ఈ దేశానికి ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి మహిళ కరణం మల్లీశ్వరి. ఆమె బరువులెత్తడం నేర్చుకున్నది మన ఆమదాలవలసలోనే!

(పీఈటీ సార్ "ఆన్ యువర్ మార్క్స్" అనగానే మైకు ఆఫ్. "సెట్"కీ చప్పుడుకీ మధ్య మనం మాట్లాడితే పిల్లలకు అది వినబడదు, ఫౌల్ అవుతుంది. పరుగు మొదలయ్యాక పొడుగు వాక్యాలొద్దు. పదిహేను, పదహారు సెకన్లలో అయిపోతుంది. ముందున్నవాళ్ళ పేర్లు మాత్రమే, దమ్ము ఆపకుండా.)

హారిక: కదిలారు! మంచి స్టార్ట్! సగం దాటారు!

(నీలవేణి ముందుంటే:) నీలవేణి! నీలవేణి ముందుంది! వెనకాలే జోయా! నీలవేణి, జోయా! నీలవేణి... గీత దాటేసింది!

(జోయా ముందుంటే:) జోయా ఎగిరొస్తోంది! జోయాని ఎవరైనా అందుకుంటారా? ఝాన్సీ వస్తోంది, ఝాన్సీ! జోయా... అయిపోయింది! నాగావళి గెలిచింది!

(ఇంకెవరు ముందున్నా ఇదే వరస: పేరు, జట్టు, వెనకున్నవాళ్ళ పేరు, మళ్ళీ పేరు. ఇద్దరు కలిసి దాటితే మనం తీర్పు చెప్పకూడదు.) కంటికి తేడా తెలియలేదు! జడ్జీల మాట కోసం ఆగుదాం!

మాస్టారు: ఫైనల్ దాకా వచ్చిన ఆరుగురికీ చప్పట్లు. శిరీష! జోయా! నీలవేణి! ఝాన్సీ! లక్ష్మీప్రియ! లక్ష్మీప్రసన్న!

(ఇది వదిలేయొద్దు, ఎంత ఆలస్యమైనా సరే. చివర వచ్చిన పిల్లకు మైకులో తన పేరు వినబడే చోటు ఇదొక్కటే.)

11:00, తాడు లాగుడు

మాస్టారు: అటు ఎనిమిది మంది, ఇటు ఎనిమిది మంది! వీరఘట్టంలో పుట్టి కలియుగ భీముడని పేరు తెచ్చుకున్న కోడి రామ్మూర్తి నాయుడు గారిని తలుచుకుని, మడమలు నేలలో దిగేయండి! ఒకటే ఊపు!

హారిక: లాగు! లాగు! గుడ్డ ముడి బాహుద వైపు జరిగింది... లేదు, వంశధార వెనక్కి లాగింది! లాగు! లాగు!

(ముడి ఎటు జరిగితే అటు మార్చి చెప్పండి. జనం "లాగు" అందుకున్నాక మనం ఆపేయొచ్చు.)

11:40, అబ్బాయిల 4×100 రిలే

మాస్టారు: చివరి పోటీ! వంశధార కర్ర ధర్మారావు నుంచి నూకరాజుకి, తర్వాత ఢిల్లేశ్వరరావుకి, ఆఖర్న ధనుంజయకి. బాహుద తరఫున గణేష్, అప్పలనాయుడు, రిజ్వాన్, చివరి పరుగు బిశ్వజిత్! నాగావళికి చివర సాయి, మహేంద్రతనయకి చివర జ్ఞానేశ్వర్.

(రిజ్వాన్‌లో "జ్వా" కూడా జొన్నలో జ లాగానే. జ్ఞానేశ్వర్ మొదట్లో "గ్నా" అంటే చాలు, "జనానేశ్వర్" కాకూడదు.)

హారిక: మొదటి మలుపు! కర్ర అందించే చోటు ఇదే! చెయ్యి వెనక్కి చాచారు... అందింది! రెండోవాళ్ళు పరుగెడుతున్నారు! మూడోసారి కర్ర మారుతోంది!

(కర్ర కిందపడితే:) కర్ర జారింది! పరవాలేదు! జారవిడిచినవాళ్ళే తీసుకోవాలి, తీసుకో, పరుగెత్తు! ఇంకా దూరం ఉంది!

(చివరి పరుగులో ఎవరు ముందుంటే వాళ్ళ పేరు. బిశ్వజిత్ అయితే:) బిశ్వజిత్! బాహుద ఎర్ర జెండా ఊగుతోంది! బిశ్వజిత్, వెనకాలే ధనుంజయ! ఇరవై మీటర్లు, పది మీటర్లు, బిశ్వజిత్!

(ధనుంజయ అయితే:) ధనుంజయ వస్తున్నాడు! అందుకున్నాడు, దాటాడు! ధనుంజయ!

(సాయి గానీ జ్ఞానేశ్వర్ గానీ వస్తే, పేరు మార్చి బిశ్వజిత్‌కి చెప్పినట్టే చెప్పాలి.)

మాస్టారు: పాయింట్లు లెక్కవేస్తున్నారు. ఈలోగా ఒక మాట. నీళ్ళ డ్రమ్ములు వేపచెట్టు కింద ఉన్నాయి. పరుగెత్తి వచ్చినవాళ్ళు ఒక్కసారే గబగబా తాగకండి, కొంచెం కొంచెం తాగండి. ఆరో తరగతి నీలి టోపీ ఒకటి నా దగ్గరుంది. ఎవరిదో వచ్చి తీసుకోండి. పన్నెండున్నరకి భోజనాలు, ఆ తర్వాత బహుమతులు. అన్నం తిన్నాక ఎవరూ ఇంటికి వెళ్ళిపోకండి!