లెసన్ స్టడీ నివేదిక: 5వ తరగతి, భిన్నాలను పోల్చడం

ఉమ్మడి ప్రణాళిక: నలుగురు ఉపాధ్యాయులం రెండుసార్లు కూర్చుని 45 నిమిషాల పాఠం రాసుకున్నాం. ప్రధాన ప్రశ్న: 3/4, 5/6లలో ఏది పెద్దది? ఈ జతను కావాలనే ఎంచుకున్నాం. రెండింటిలోనూ ఒక్క ముక్కే తక్కువ కాబట్టి పిల్లలు "సమానం" అంటారని అంచనా.

పరిశీలన, ఎ సెక్షన్, 32 మంది: ఒకరు బోధించారు, ముగ్గురం తలా రెండు జట్లను మాత్రమే గమనించాం. పరిశీలకులు పిల్లలకు సాయం చేయకూడదన్న నియమం పాటించాం. 11 మంది "సమానం" అని రాశారు. అసలు ఇబ్బంది మరోచోట వచ్చింది. కాగితపు పట్టీని ఆరు సమభాగాలుగా మడవడం పిల్లలకు కుదరలేదు. 6 నిమిషాల పని 14 నిమిషాలు పట్టింది, చర్చకు 5 నిమిషాలే మిగిలాయి. ఒక జట్టు పట్టీలు వేర్వేరు పొడవుల్లో ఉండటంతో 3/4 పెద్దదని తేలింది! మొత్తం ఒకటే కాకపోతే పోలికే చెల్లదు. ఆ మాట ప్రణాళికలో లేకపోవడం మా లోపం.

సవరణ: 24 సెం.మీ. పట్టీలపై 6 సెం.మీ., 4 సెం.మీ. గీతలు ముందే గీశాం. మడతకు ముందు ఊహ, కారణం రాయించాం. "మిగిలిన ముక్కల్లో ఏది చిన్నది?" అనే ప్రశ్న చేర్చాం.

బి సెక్షన్‌లో చర్చకు 15 నిమిషాలు దక్కాయి. అయితే కొందరు స్కేలుతో 18, 20 కొలిచి ఆగిపోయారు, మిగిలిన 1/4, 1/6ల జోలికే పోలేదు. తదుపరి బోధనలో స్కేళ్లు పక్కన పెట్టిస్తాం. 7/8, 5/6 జతను పట్టీ లేకుండా అడుగుతాం.