ఇంట్రడక్షన్ టు ఆల్గరిథమ్స్ – కార్మెన్ తదితరులు – 3వ ఎడిషన్ – బీటెక్ సీఎస్ఈ, ఐటీ, గేట్ – వాడినది, పేజీలన్నీ ఉన్నాయి, పెన్సిల్ రాతలున్నాయి, వీపు అతికించినది – ₹450 – మద్దిలపాలెం, విశాఖ

శీర్షిక పొడవైందని తెలుసు. కానీ వెతికేవారికి ముందుగా కావలసినవి ఎడిషన్, పుస్తకం పరిస్థితి, ఎక్కడ తీసుకోవాలన్నదీ. రెండో సంవత్సరంలో నేను ఒక పాత పుస్తకం కొన్నాను. ప్రకటనలో ‘లేటెస్ట్ ఎడిషన్, కొత్తదానిలా ఉంది’ అని మాత్రమే ఉంది. ఇంటికి తెచ్చి తెరిస్తే రెండు ఎడిషన్ల కిందటిది, పైగా చివర ఇరవై పేజీలు లేవు. అమ్మినవారు మళ్లీ ఫోను ఎత్తలేదు. అందుకే ఉన్న లోపాలన్నీ ఇక్కడే రాసేస్తున్నాను.

ఇది పీహెచ్ఐ లెర్నింగ్ వారి భారతీయ ముద్రణ, పేపర్‌బ్యాక్. జిరాక్స్ కాపీ కాదు. ఐఎస్‌బీఎన్ 978-81-203-4007-7, వెనుక అట్ట మీద ఉంది, ఫొటోలో పెట్టాను. రచయితలు నలుగురు: కార్మెన్, లీసర్సన్, రివెస్ట్, స్టీన్. కాలేజీలో సీఎల్ఆర్ఎస్ అనేది దీన్నే.

3వ ఎడిషన్ 2009లో వచ్చింది, 4వది 2022లో. మీ సిలబస్ కాగితంలో 4వ ఎడిషన్ అని ఉంటే కొనేముందు ఒక్క నిమిషం ఆలోచించండి. అధ్యాయాల సంఖ్యలు మారాయి. డైనమిక్ ప్రోగ్రామింగ్ దీనిలో 15వ అధ్యాయం, కొత్తదానిలో 14. గ్రీడీ ఇక్కడ 16, అక్కడ 15. మాస్టారు ‘14వ అధ్యాయం అభ్యాసాలు చేసుకు రండి’ అంటే మీరు వేరే పాఠం చేసుకుని వెళ్తారు. ఫిబొనాచీ హీప్స్, వాన్ ఎమ్డె బోస్ ట్రీలు, కంప్యుటేషనల్ జామెట్రీ అధ్యాయాలు కొత్తదానిలో తీసేశారు, దీనిలో ఉన్నాయి. బైపార్టైట్ మ్యాచింగ్, ఆన్‌లైన్ ఆల్గరిథమ్స్, మెషిన్ లెర్నింగ్ అధ్యాయాలు మాత్రం కొత్తదానిలోనే దొరుకుతాయి. గేట్‌కు కావలసిన సార్టింగ్, హ్యాషింగ్, గ్రీడీ, డైనమిక్ ప్రోగ్రామింగ్, స్పానింగ్ ట్రీలు, షార్టెస్ట్ పాత్‌లు అన్నీ దీనిలో ఉన్నాయి. నేను గేట్‌కు దీంతోనే చదివాను.

ఇక పుస్తకం పరిస్థితి. పేజీలు ఒక్కటీ పోలేదు; నిన్న రాత్రి కూర్చుని మొదటి నుంచి చివరి దాకా తిప్పి చూశాను. ఇంత లావు పుస్తకం మధ్యలో ఎప్పుడూ తెరిచి పెట్టడం వల్ల గ్రాఫుల అధ్యాయాల దగ్గర వీపు చీలింది. ఫెవికాల్ పెట్టి, రాత్రంతా రుబ్బురోలు పొత్రం బరువు పెట్టి అతికించాను. ఇప్పుడు గట్టిగానే ఉంది కానీ పూర్తిగా వెనక్కి విరిచి తెరవవద్దు. మా ఇల్లు బీచ్‌కు దగ్గర, ఆ తేమ గాలికి పేజీల అంచులు పసుపుపచ్చగా మారాయి. చెద, బూజు లేవు. ముందు అట్ట కింది మూల మడత పడింది. రెడ్-బ్లాక్ ట్రీల అధ్యాయంలో ఒక పేజీ మీద టీ మరక ఉంది, అక్షరాలు మాత్రం చదవడానికి వస్తాయి.

పెన్ను, హైలైటర్ ఎక్కడా వాడలేదు. పెన్సిల్ రాతలు 4, 15, 22 నుంచి 25 అధ్యాయాల్లో ఎక్కువ. మ్యాట్రిక్స్-చెయిన్ ఉదాహరణ పక్కన ఆరు మ్యాట్రిక్సుల పట్టిక మళ్లీ నేనే వేసుకుని, చివరి జవాబు 15,125 దగ్గరికి మూడోసారికి చేరాను. మొదటి రెండు తప్పు లెక్కలూ అక్కడే కొట్టివేసి ఉన్నాయి. చెరిపేద్దామని రబ్బరు తీసుకున్నాను కానీ, ఎక్కడ తప్పు చేశానో చూస్తే మీకూ ఉపయోగమేమోనని వదిలేశాను. వద్దనుకుంటే రబ్బరుతో శుభ్రంగా పోతాయి. మిగతా అధ్యాయాల్లో, నిజం చెప్పాలంటే, పెన్సిల్ పెద్దగా పెట్టలేదు.

ధర ₹450. వీపు చీలిక, మరక లెక్కలోకి తీసుకునే పెట్టాను కాబట్టి పెద్ద బేరం వద్దు. పుస్తకం చూశాక నేను రాయని లోపం ఏదైనా కనిపిస్తే అప్పుడు తగ్గిస్తాను. యూపీఐ లేదా నగదు, పుస్తకం చేతిలోకి తీసుకున్న తర్వాతే. ముందుగా అడ్వాన్సు పంపవద్దు, నేను అడగను. బరువు ఎక్కువ కాబట్టి కొరియర్ చేయను.

మద్దిలపాలెం బస్టాండు దగ్గర సాయంత్రం ఆరు తర్వాత, ఆదివారం అయితే ఉదయం కూడా ఇవ్వగలను. గాజువాక, మధురవాడ వైపు నుంచి వచ్చేవారు బయలుదేరేముందు సందేశం పెట్టండి, ఊరికే తిరగనక్కరలేదు. ఈ నెలాఖరుకు ఉద్యోగానికి వేరే ఊరు వెళ్తున్నాను, అంతలోపు తీసుకోవాలి. ‘పుస్తకం ఉందా?’ అని అడగనక్కరలేదు. ఈ ప్రకటన కనిపిస్తోందంటే ఉన్నట్టే. ఏ రోజు, ఎన్ని గంటలకు వస్తారో మాత్రం రాయండి.