సాధించిన విలువ నివేదిక: ఒంగోలు వాణిజ్య భవనం, నవంబరు నెల

యజమాని గారికి,

ఒంగోలు శివారులో మీరు కట్టిస్తున్న వాణిజ్య భవనం పని నవంబరు 30 నాటికి ఎంతవరకు వచ్చిందో, కొలతల పుస్తకంలో నమోదైన పరిమాణాలను బట్టి లెక్కగట్టి సమర్పిస్తున్నాను. మొత్తం అంచనా రూ. 480 లక్షలు. కింది అంకెలన్నీ పని మొదలైన నాటి నుంచి, రూ. లక్షల్లో ఉన్నాయి.

| పని | ప్రణాళికా విలువ (PV) | సాధించిన విలువ (EV) | వాస్తవ ఖర్చు (AC) |
|---|---|---|---|
| పునాదులు | 60 | 60 | 66.5 |
| స్తంభాలు, బీములు, స్లాబులు | 150 | 126 | 128 |
| ఇటుక పని | 36 | 24 | 25.5 |
| కరెంటు, నీటి పైపులు | 18 | 10.8 | 12 |
| మొత్తం | 264 | 220.8 | 232 |

```
SPI = EV ÷ PV = 220.8 ÷ 264 = 0.84
CPI = EV ÷ AC = 220.8 ÷ 232 = 0.95
```

షెడ్యూల్ పనితీరు సూచీ 0.84 అంటే, ఈపాటికి కావలసిన ప్రతి వంద రూపాయల పనికి 84 రూపాయల పనే అయిందని అర్థం. వెనకబడిన 43.2 లక్షల్లో 15 లక్షలు ఒక్క రెండో అంతస్తు స్లాబుదే. దానికి సెంట్రింగు పూర్తయి, కమ్మీలు కట్టడం కూడా అయిపోయినా, వానల వల్ల కాంక్రీటు పడలేదు. ముందుగా ఒప్పుకున్న నియమం ప్రకారం 30 లక్షల స్లాబులో సెంట్రింగుకు, కమ్మీలకు కలిపి సగం విలువే జమ కట్టాను. కాంక్రీటు పడి ఉంటే సూచీ 0.89కి చేరేది. ఈశాన్య రుతుపవనాల కాలంలో మన కోస్తాలో స్లాబు తేదీ పెట్టుకోవడమే ప్రణాళికలోని లోపమని నా అభిప్రాయం.

సైటులో దించిన రూ. 8.4 లక్షల కమ్మీలను కూడా సాధించిన విలువలో కలపాలని కాంట్రాక్టరు కోరారు. నిల్వ ఉన్న సరుకు జరిగిన పని కాదు గనుక అంగీకరించలేదు. ఆ బిల్లును వాస్తవ ఖర్చులోనూ చేర్చక అడ్వాన్సుగా విడిగా చూపాను.

ఖర్చు విషయంలో అంత ఆందోళన అక్కరలేదు. 480ని ఖర్చు పనితీరు సూచీ CPI పూర్తి విలువ 0.9517తో భాగిస్తే తుది ఖర్చు సుమారు 504 లక్షలని వస్తుంది గానీ, 11.2 లక్షల అధిక ఖర్చులో 6.5 లక్షలు నల్లరేగడిలో పునాదులు అనుకున్నదానికంటే లోతుగా తవ్వవలసి రావడం వల్ల అయినవి, అవి మళ్లీ రావు. పునాదులను పక్కన పెడితే CPI 0.97, మిగిలిన 259.2 లక్షల పనిని ఆ సూచీతో భాగించి ఇప్పటిదాకా అయిన 232 లక్షలకు కలిపితే తుది ఖర్చు 499 లక్షల దగ్గర ఆగుతుంది.

వాన తెరపి ఇచ్చిన వెంటనే స్లాబు పోయించి, దానిపై స్తంభాల పని ఎత్తుకునేలోగా కింది అంతస్తులో ఇటుక పనికి రెండో మేస్త్రీ ముఠాను దించడానికి తమ అనుమతి కోరుతున్నాను. చీమకుర్తి గ్రానైటు ఆర్డరును మాత్రం ఇటుక పని విలువ 36 లక్షలకు చేరేదాకా ఆపడం మంచిది.

ఇట్లు,
సైటు ఇంజనీరు