శ్రావ్యకు, బీటెక్ పూర్తయిన సందర్భంగా

అమ్మలూ,

వైవా బాగా జరిగిందని, ప్రాజెక్టుకు మంచి మార్కులే వేశారని నిన్న రాత్రి పిన్ని ఫోన్లో చెప్పింది. ఆ గొంతులో సంతోషం నువ్వు వినాల్సింది. మన ఇంటి ఆడపిల్లల్లో మొదటి ఇంజనీరువి నువ్వే. నీకు మనసారా అభినందనలు తల్లీ. నాలుగేళ్లు భీమవరం బస్సుల్లో పడుతూ లేస్తూ, ఒక్క బ్యాక్‌లాగ్ లేకుండా ఈసీఈ పూర్తి చెయ్యడం చిన్న విషయం కాదు.

ఫోన్ పెట్టేముందు పిన్ని గొంతు తగ్గించి, "ఇంకా ఏ ఆఫరూ రాలేదురా, పైకి నవ్వుతోంది గానీ లోపల టెన్షన్ పడుతోంది" అంది. అందుకే ఫోన్ చెయ్యకుండా ఇది రాస్తున్నాను. ఫోన్లో అయితే "పర్లేదన్నయ్యా, చూస్తున్నా" అని మాట తప్పించేస్తావు.

పరిస్థితి బాగానే ఉందని నీకు చెప్పను. కరోనా తర్వాత ఒకటి రెండేళ్లు కంపెనీలు ఎగబడి తీసుకున్నాయి, మీ సీనియర్లలో చాలామందికి రెండేసి ఆఫర్లు వచ్చాయి. 2023 నుంచి ఆ జోరు పోయింది. 2025 జులైలో టీసీఎస్ అంతటి కంపెనీయే దాదాపు 12,000 మందిని తగ్గించుకుంటామంది. మరోపక్క కాలేజీలన్నీ సీఎస్‌ఈ సీట్లు పెంచుకుంటూ పోయాయి, ఈసీఈ వాళ్లు కూడా వెళ్లి అదే వరుసలో నిలబడుతున్నారు. నేను చేరినప్పుడు సర్వీస్ కంపెనీల్లో ఫ్రెషర్ ప్యాకేజీ మూడు, మూడుంపావు లక్షలు ఉండేది. ఇప్పటికీ చాలాచోట్ల మూడున్నర దగ్గరే ఉంది, హాస్టల్ ఫీజులు మాత్రం ఎక్కడికో పోయాయి. ఇదంతా నీ చదువు వల్ల వచ్చింది కాదు, నీ చేతిలో ఉన్నదీ కాదు. మీ కాలేజీకి ఈసారి వచ్చిన కంపెనీలెన్ని, అందులో ఈసీఈని కూర్చోనిచ్చినవెన్ని? అది చూడకుండా నిన్ను నువ్వు తక్కువ చేసుకోకు.

మాది 2009 బ్యాచ్. ఆఖరి సెమిస్టర్‌లో ఉండగా జనవరి 7న సత్యం వ్యవహారం బయటపడింది. అప్పటికే అమెరికాలో మాంద్యం. నా చేతిలో ఆఫర్ లెటర్ ఉంది, జాయినింగ్ డేట్ మాత్రం వాయిదా పడుతూనే ఉంది. ఇంటికి ఎవరొచ్చినా అదే ప్రశ్న. మా బ్యాచ్‌లో అందరికీ చివరికి మంచే జరిగిందని చెబితే అబద్ధం అవుతుంది, కొందరు ఇంజనీరింగే వదిలేశారు. కానీ ఆ ఖాళీలో ఏదో ఒక పని పట్టుకున్నవాళ్లు మాత్రం తొందరగా తేరుకున్నారు. నా రూమ్మేట్ విజయవాడలో యూపీఎస్‌లు బాగుచేసే చిన్న షాపులో చేరాడు. బంధువులు పెదవి విరిచారు. తర్వాత టెలికాం పవర్ సిస్టమ్స్‌లో మొదటి ఉద్యోగం వాడికి ఆ అనుభవంతోనే వచ్చింది.

నీ దగ్గర అంతకంటే మంచి పని ఇప్పటికే ఉంది. సంక్రాంతికి బాబాయి రొయ్యల చెరువు గట్టు మీద నువ్వు చూపించింది నాకింకా కళ్లకు కట్టినట్టుంది. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది, రొయ్యలు పైకి తేలేదాకా తెలియదు, అందుకని బాబాయి భయానికి రాత్రంతా ఏరేటర్లు తిప్పి కరెంటు బిల్లు కడతాడు. నువ్వు ఆ ఆక్సిజన్ కొలిచే డీఓ సెన్సర్ పెట్టి, ఈఎస్‌పీ32 బోర్డుకు కలిపి, గట్టు మీద వైఫై ఉండదు కాబట్టి జీఎస్‌ఎం మాడ్యూల్‌తో ఎస్సెమ్మెస్ వచ్చేట్టు చేశావు. అక్కడితో ఆగితే అది అందరూ చేసే ప్రాజెక్టే. కొన్నాళ్లకు రీడింగ్ తేడా వస్తోందని అనుమానపడి, పక్క రైతు టెస్ట్ కిట్‌తో పోల్చి చూసి, ప్రోబ్ మెంబ్రేన్ మీద పాచి పడుతోందని కనిపెట్టావే, అక్కడ నువ్వు ఇంజనీరువి అయ్యావు. దాన్ని తుడిచి, గాలిలో పెట్టి మళ్లీ క్యాలిబ్రేట్ చేసి, ఎన్ని రోజులకోసారి తుడవాలో బాబాయి క్యాలెండర్ మీద పెన్నుతో గుర్తులు పెట్టావు. అది ఏ గైడూ చెప్పలేదు నీకు.

నేను మా ఆఫీసులో ఫ్రెషర్లను ఇంటర్వ్యూ చేస్తుంటాను. "స్మార్ట్ మానిటరింగ్ సిస్టమ్ యూజింగ్ ఐఓటీ" అన్న లైను లేని రెజ్యూమె దాదాపు ఉండదు. అందుకే నేను అడిగేది ఒకటే: ఇందులో ఏది పనిచెయ్యలేదు, నీకెలా తెలిసింది? చాలామంది అక్కడ ఆగిపోతారు. నీ రెజ్యూమెలో ఆ పాచి సంగతి రెండు లైన్లలో రాయి. కోడ్, సర్క్యూట్, రీడింగులు గిట్‌హబ్‌లో పెట్టు. ఫైనల్ ఇయర్ టైటిల్ కంటే అది పదిరెట్లు మాట్లాడుతుంది.

మిగతా దారులు కూడా తెరిచే ఉంచుకో. ఎంబెడెడ్ సీ, లినక్స్ మీద కూర్చో. గేట్ ఫిబ్రవరిలో ఉంటుంది, స్కోరు మూడేళ్లు పనికొస్తుంది. దాంతో ఎంటెక్‌లో చేరితే నెలకు 12,400 స్టైపెండ్ వస్తుంది. రాయాలనుకుంటే మనసుపెట్టి రాయి, ఖాళీగా ఉన్నామని మాత్రం రాయకు. ఈసీఐఎల్, బీఈఎల్ లాంటి చోట్ల అప్రెంటిస్ నోటిఫికేషన్లు చూస్తుండు. స్టైపెండ్ తక్కువే, కానీ ఏడాదిపాటు నిజమైన బోర్డుల మధ్య ఉంటావు.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా చెబుతున్నా. బ్యాక్‌డోర్ ఉద్యోగం, రెండు లక్షలు కడితే ఆఫర్ లెటర్, ఫేక్ ఎక్స్‌పీరియన్స్ అంటూ ఎవరు వచ్చినా, తెలిసినవాళ్ల ద్వారా వచ్చినా సరే, ఒక్క రూపాయి కట్టొద్దు. బాబాయి నీ కోసం చేను తాకట్టు పెట్టడానికైనా వెనకాడడు, అదే నా భయం. డబ్బు మాట వచ్చిన వెంటనే నాకు ఫోన్ చెయ్యి.

పెళ్లిళ్లలో, ఫంక్షన్లలో "ఇంకా రాలేదా?" అని అడుగుతారు. "చూస్తున్నానండీ" అని చెప్పి ప్లేటు పట్టుకుని వెళ్లిపో, అందరికీ వివరం ఇవ్వక్కర్లేదు. కానీ పిన్ని దగ్గర దాచకు. నువ్వు దాస్తే ఆవిడకు ఇంకా ఎక్కువ నిద్ర పట్టదు. రిజెక్ట్ అయిన రోజున అయిందని చెప్పు, కలిసి అన్నం తినండి. బాబాయితో నేను మాట్లాడతాను. కనీసం ఏడాది నిన్ను తొందరపెట్టొద్దని, సంబంధాల మాట ఎత్తొద్దని చెబుతాను.

ప్రొవిజనల్, సీఎంఎం చేతికి రాగానే స్కాన్ చేసి నాకూ పంపు. జులైలో హైదరాబాద్ వచ్చెయ్. మీ వదిన ముందుగది నీ కోసం ఖాళీ చేసింది. ఉద్యోగం ఇప్పిస్తానని మాట ఇవ్వలేను, అది నా చేతిలో లేదు. కానీ మా హార్డ్‌వేర్ టీమ్‌లో ఇద్దరితో మాట్లాడాను, శనివారం ఒక పూట నీతో కూర్చుని మాక్ ఇంటర్వ్యూ చేస్తామన్నారు. వచ్చేటప్పుడు ఆ బోర్డూ ప్రోబూ కూడా పట్టుకురా, వాళ్లు ముందు దాన్నే అడుగుతారు.

ప్రేమతో,
నీ పెద్దన్నయ్య