కార్తీక పౌర్ణమి అరుణాచల యాత్ర: తేదీలు, ఖర్చు, రీఫండ్‌లో మార్పులు

కర్నూలు, 16-10-2025

యాత్రకు సీటు బుక్ చేసుకున్న పెద్దలందరికీ నమస్కారం.

మొన్న వాట్సాప్‌లో మేం పంపిన "ప్లాన్ మారింది, అదనపు చార్జీలు వర్తిస్తాయి, సహకరించగలరు" అన్న మెసేజ్‌ను దయచేసి పక్కన పెట్టండి. ఎంత చార్జీ, దేనికి, వద్దనుకుంటే మీ డబ్బు ఏమవుతుంది అన్నది అందులో లేదు. దాని బదులు ఈ నోటీసు చూడండి.

పొరపాటు మాదే. నవంబర్ 4 రాత్రి 9కి బయలుదేరి, 5న రాత్రి 8కి తిరువణ్ణామలై చేరి గిరి ప్రదక్షిణ చేయాలని మేం ప్లాన్ వేశాం. అయితే పౌర్ణమి తిథి 4న రాత్రి పదిన్నర దాటాక మొదలై, 5న సాయంత్రం ఏడు లోపే అయిపోతుంది. పాత ప్లాన్ ప్రకారం వెళ్తే మనం చేరేటప్పటికి పౌర్ణమి ఉండదు.

కొత్త ప్లాన్ ఇదీ. నవంబర్ 4, మంగళవారం తెల్లవారుజామున 4 గంటలకు సి.క్యాంప్ సెంటర్ నుంచి బస్సు కదులుతుంది. నంద్యాలలో ఎక్కేవాళ్లు 5:30కి సిద్ధంగా ఉండాలి. కడప, రాయచోటి మీదుగా మధ్యాహ్నం 2కి కాణిపాకం, రాత్రి 8కి తిరువణ్ణామలై. భోంచేసి, లాడ్జిలో నిద్ర. 5న తెల్లవారుజామున 3కి ప్రదక్షిణ మొదలు. దూరం 14 కిలోమీటర్లు, మామూలు నడకకు నాలుగైదు గంటలు పడుతుంది. మధ్యాహ్నం 2కి అక్కడ బయలుదేరి శ్రీపురం స్వర్ణదేవాలయం చూసుకుని, 6వ తేదీ ఉదయం 7కి కర్నూలు చేరతాం. పాత ప్లాన్‌లో 7న వచ్చేవాళ్లం. భోజనాల లెక్క మారలేదు, ఆరు పూటలే.

ఖర్చు పెరిగింది ఒక్క గది దగ్గరే. ముందు స్నానాలకు, కాసేపు నడుం వాల్చడానికి గదిని 900కు మాట్లాడాం. ఇప్పుడు పూర్తి రాత్రి ఉండాలి కాబట్టి 2,400. తేడా 1,500, గదికి ముగ్గురు కనుక మనిషికి 500. అందులో సగం మేం పెట్టుకుంటాం. మీ వంతు 250, దాని మీద 5 శాతం జీఎస్టీ 12.50, మొత్తం 262.50. నలుగురున్న కుటుంబానికి 1,050 రూపాయలు. ప్యాకేజీ ధర 6,300 నుంచి 6,562.50 అవుతుంది. మీరు కట్టిన 3,000 అడ్వాన్సు పోగా 3,562.50 బాకీ, అక్టోబర్ 28 లోపు కట్టాలి. పాత లాడ్జికి పోయిన అడ్వాన్సు, డ్రైవర్ బత్తా మావే. బస్సులో ఇంకే పేరుతోనూ డబ్బు అడగం. పౌర్ణమి రద్దీకి బస్సును ఊరి బయటే ఆపేస్తారు. అక్కడి నుంచి లాడ్జికి ఆటో ఖర్చు ముందూ ప్యాకేజీలో లేదు, ఇప్పుడూ లేదు.

మీ నిర్ణయం అక్టోబర్ 25, శనివారం సాయంత్రం 6 లోపు, రసీదు మీదున్న నంబరుకు వాట్సాప్‌లో చెప్పండి. రసీదు నంబరు రాసి, పక్కన 1, 2, 3లలో ఒకటి వేస్తే చాలు. దీపావళి నాడు, 20న, ఆఫీసు ఉండదు. మెసేజ్ మాత్రం పంపొచ్చు.

1 అంటే కొత్త ప్లాన్‌కు, కొత్త ధరకు ఒప్పుకున్నట్టు.

2 అంటే యాత్ర వద్దు, డబ్బు వెనక్కి. కట్టిన మొత్తం, ఒక్క రూపాయి కోయకుండా, ఏ ఖాతా నుంచి వచ్చిందో అదే ఖాతాకు 7 రోజుల్లో వేస్తాం. నగదుగా కట్టినవాళ్లు రసీదు తెచ్చి ఆఫీసులో తీసుకోవచ్చు. రసీదు వెనక అచ్చేసిన కోతలు మీరు మానుకున్నప్పటివి. ఇక్కడ మార్చింది మేం, కాబట్టి అవి మీకు వర్తించవు. ఈ బస్సు అందుకోవడానికని ముందే కొన్న రైలు, ఆర్టీసీ టికెట్లు రద్దు చేసుకుంటే, క్యాన్సిలేషన్ చార్జీ రసీదు చూపండి, అదీ ఇస్తాం.

3 అంటే అడ్వాన్సును మా మరో యాత్రకు మార్చుకోవడం. ఆ తర్వాత మనసు మారినా, కొత్త సీటు ఖాయం చేసుకోనంత వరకు పూర్తి రీఫండ్ హక్కు అలాగే ఉంటుంది.

25 లోపు జవాబు రాకపోతే ఒప్పుకున్నారని అనుకోం. రెండుసార్లు ఫోన్ చేస్తాం, అప్పటికీ అందకపోతే 2 కిందే లెక్కేసి డబ్బు పంపేస్తాం. సీటు మాత్రం ఉండదు.

1 అని చెప్పాక మానుకునేవాళ్లకు అక్టోబర్ 28 వరకు 25 శాతం, ఆ తర్వాత 50 శాతం కోత ఉంటుంది, ఎందుకంటే లాడ్జికి అప్పటికే పూర్తి డబ్బు కట్టేసి ఉంటాం. రద్దీ వల్ల గుడి లోపల దర్శనం దొరక్కపోయినా, నడవలేక ప్రదక్షిణ మధ్యలో ఆపినా రీఫండ్ లేదు. శ్రీపురం తప్పిపోయినా అంతే. అక్కడ సాధారణ దర్శనానికి టికెట్ లేదు కనుక మీ దగ్గర దానికని ఏమీ తీసుకోలేదు.

రీఫండ్ ఆలస్యమైతే ముందు మేనేజర్‌ను అడగండి. అక్కడ తేలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు, కర్నూలు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్ల లోపు ఫిర్యాదూ వేయొచ్చు. 5 లక్షల లోపు వ్యవహారానికి అక్కడ ఫీజు లేదు. ఈ నోటీసు, మీ రసీదు దాచుకోండి.

మీకు కలిగిన ఇబ్బందికి క్షమించండి.

మేనేజర్, ట్రావెల్స్ ఆఫీసు, కర్నూలు