మన అంగడి బ్రాండ్ ప్లాన్: చెప్పింది రాసిస్తాం

నాయనకు, చిన్నాయనకు, అన్నకు,

మొన్న ఆదివారం భోజనాల దగ్గర ముగ్గురూ మూడు మాటలు అన్నారు. "బోర్డు మీద 916 అని పెద్దగా రాయించండి, చాలు" అని నాయన. "తాత కాలం నుంచి వస్తున్న కుటుంబాలే మన బలం, వాళ్లను వదిలి కొత్తవాళ్ల వెంట పడొద్దు" అని చిన్నాయన. "లైట్ వెయిట్, 18 క్యారెట్ పెట్టకపోతే ఐదేళ్లలో కౌంటర్లో ఈగలు తోలుకుంటూ కూర్చోవాలి" అని అన్న. మూడింటిలోనూ నిజం ఉంది. కానీ మూడూ ఒకే బోర్డు మీదికి ఎక్కిస్తే గాంధీ రోడ్డులో నడిచేవాళ్లకు ఒక్కటీ గుర్తుండదు. అందుకే రెండు నెలలు కౌంటర్ వెనక కూర్చుని, పాత బిల్లు పుస్తకాలు తిరగేసి ఇది రాశాను.

నేను కోరేది ఇది: నోటితో చెప్పే ప్రతి మాటనూ బిల్లు మీద రాసి, సంతకం పెట్టి ఇచ్చే అంగడిగా మనం ఊరికి తెలియాలి. ఇప్పుడు ఎంతకు కొన్నారు, రేపు తిరిగి తెస్తే ఏ లెక్కన తీసుకుంటాం, రెండూ అదే కాగితం మీద ఉండాలి. బోర్డు మీద మన పేరు కింద రెండే మాటలు: "చెప్పింది రాసిస్తాం".

916 బోర్డు ఎందుకు చాలదు

తాత అంగడి పెట్టిన రోజుల్లో బంగారం మంచిదా కాదా అన్నది కంటికి తెలిసేది కాదు. గీటురాయి మీద గీసి చూసే మనిషిని నమ్మాలి. ఆయన్ను నమ్మారు, అంగడి నిలబడింది. 2021 జూన్ నుంచి హాల్‌మార్క్ తప్పనిసరి అయింది, మొదట 256 జిల్లాల్లో. 2023 ఏప్రిల్ 1 నుంచి, అక్షరాలు అంకెలు కలిపి ఆరుండే హెచ్‌యూఐడీ నంబరు లేకుండా అమ్మకూడదు. అంటే మన పక్కన కొత్తగా తెరిచిన మూడంతస్తుల షోరూంలోనూ అదే ముద్ర, మన దగ్గరా అదే ముద్ర. అందరి దగ్గరా ఉన్నదాన్ని మన గొప్పగా చెప్పుకుంటే వినేవాళ్లు ఎవరూ ఆగరు.

మరి కొనేవాళ్ల అనుమానం పోయిందా? పోలేదు, చోటు మారింది. కౌంటర్ దగ్గర నేను విన్నవి ఇవి: "రాళ్ల బరువు కూడా బంగారం లెక్కలో వేశారా?" "తరుగు ఆమెకు తక్కువ వేసి మాకెందుకు ఎక్కువ?" "రేపు మార్చుకుంటే ఎంత కోస్తారు?" "ఈ ముక్కుపుడకకు ముద్ర ఏదీ?" 2 గ్రాములలోపు వస్తువులకు హాల్‌మార్క్ తప్పనిసరి కాదని చెబితే చాలామంది మనమే తప్పించుకుంటున్నాం అనుకుంటున్నారు. ముద్ర లేని చిన్న వస్తువును కూడా వాళ్ల ఎదుటే మెషీన్‌లో పెట్టి, వచ్చిన శాతాన్ని బిల్లు మీద రాసిద్దాం. రెండు నిమిషాల పని.

గుత్తపూసల హారం లాంటివాటికి మూడు బరువులు విడివిడిగా రాయాలి. ఉదాహరణకు మొత్తం 62.400 గ్రాములు, పూసలు రాళ్లు 9.150, బంగారం 53.250. ధర కట్టేది మూడో అంకెకే, పూసలకు రాళ్లకు వేరే వరుస. ఇప్పుడు మన బిల్లులో నికర బరువు ఒక్కటే వస్తోంది, మిగతాది సేల్స్‌మన్ నోటితో చెబుతున్నాడు. ఇంటికి వెళ్లాక ఆ నోటి మాట ఎవరికి గుర్తుంటుంది?

ఇంకొకటి. హాల్‌మార్క్ వేసిన వస్తువులో స్వచ్ఛత తక్కువ తేలితే, ఆ తేడా విలువకు రెండింతలు, పరీక్ష ఖర్చుతో కలిపి కొన్నవాళ్లకు ఇవ్వాలని 2018 నాటి బీఐఎస్ నియమాల్లో ఉంది. ఇది కొనేవాళ్లలో తెలిసినవాళ్లు తక్కువ. మన బిల్లు వెనక మనమే తెలుగులో అచ్చు వేయిద్దాం. కౌంటర్ మీద ఒక ఫోన్ పెట్టి, BIS Care యాప్‌లో Verify HUID తెరిచి, కొన్న వస్తువు నంబరు వాళ్ల చేతే కొట్టిద్దాం. అంగడి పేరు, వస్తువు రకం, స్వచ్ఛత తెర మీద కనిపించినప్పుడు ఆ మొహాల్లో వచ్చే తేడా చూసి చెబుతున్నాను.

ఆ గొలుసు సంగతి

దీని గురించి మనం ఇంట్లో సరిగ్గా మాట్లాడుకోలేదు. చంద్రగిరి నుంచి వచ్చిన అవ్వ 1994లో మన దగ్గరే కొన్న మూడు సవర్ల గొలుసు తెచ్చింది. మనవరాలి పెళ్లికి మార్చుకోవాలని. బిల్లు పసుపు గుడ్డలో చుట్టి దాచింది, దాని మీద తాత చేతిరాత, "22 క్యారెట్లు". మెషీన్‌లో 84 శాతం వచ్చింది. అతుకుల దగ్గర టంకం ఎక్కువ. ఆ రోజుల్లో చాలా చోట్ల పని అలాగే ఉండేది, తాత మోసం చేశాడని నేను అనను, అనుకోను కూడా. కానీ 24 గ్రాముల మీద 91.6కూ 84కూ తేడా అంటే దాదాపు 1.8 గ్రాముల మేలిమి బంగారం. మనం మెషీన్ చెప్పిన లెక్కే కట్టాం. అవ్వ ఏమీ అనలేదు. బిల్లు మళ్లీ గుడ్డలో చుట్టుకుని వెళ్లిపోయింది. పెళ్లి నగలు ఆ కుటుంబం వేలూరులో కొన్నదని తర్వాత తెలిసింది.

ముద్రలు లేని కాలపు వస్తువుకు మనం తేడా కట్టాలని హాల్‌మార్క్ నియమాల్లో ఏమీ లేదు. అయినా నా మాట: మన బిల్లు ఉన్న పాత వస్తువు ఏదైనా, ఏ సంవత్సరానిదైనా, బిల్లులో రాసిన క్యారెట్ లెక్కనే తీసుకోవాలి. తేడా మనం భరించాలి. పాత పుస్తకాలు చూస్తే మన బిల్లుతో మార్పిడికి వచ్చేవి నెలకు పది పన్నెండు మించడం లేదు. పేపర్లో ఒక ఫుల్ పేజీ ప్రకటనకు పెట్టే డబ్బుతో ఏడాదంతా ఈ తేడా భరించవచ్చు. చిన్నాయన చెప్పే "తాత కాలం కుటుంబాలు" మనతో నిలబడేది ఇక్కడే. వాళ్లకు ఫోటో ఫ్రేములు, సన్మానాలు అక్కర్లేదు. తాత రాసిన కాగితానికి ఇవాళ కూడా విలువ ఉండాలి.

ముందు ఆ అవ్వ ఇంటికి వెళ్లి తేడా ఇచ్చి రావాలి. నేను వెళ్తాను.

18 క్యారెట్: పెడదాం, కానీ కలపొద్దు

నాయన భయం నాకు అర్థమైంది. "మనం 22 తప్ప అమ్మం" అన్నది తాత మాట. అది తప్పితే ఊరు ఏమంటుంది? కానీ 2025లో 10 గ్రాముల మేలిమి లక్ష రూపాయలు దాటాక, శ్రీసిటీలో పనిచేసే ఆడపిల్లకు, పద్మావతి యూనివర్సిటీలో చదివి బెంగళూరులో ఉద్యోగానికి వెళ్లిన పిల్లకు, సొంత జీతంతో కొనుక్కునే మొదటి వస్తువు రెండు మూడు గ్రాముల చెయిన్. సన్నటి పనికి, రాళ్లు గట్టిగా పట్టడానికి 22 మెత్తన, 18 నయం. ఇది తక్కువ రకం సరుకు కాదు, వేరే వాడకానికి వేరే సరుకు.

అందుకే తాత మాటలో అసలైనది పట్టుకుందాం. చెప్పిన క్యారెట్, ఇచ్చిన క్యారెట్ ఒకటే కావాలి, అంతే. 18 క్యారెట్‌కు వేరే కౌంటర్, వేరే రంగు ట్రే, వేరే రంగు బిల్లు. ట్యాగ్ మీద 750 అన్న అంకె ధర కన్నా పెద్దగా. "తిరిగి తెస్తే 75 శాతం లెక్క, రాళ్లకు విలువ కట్టం" అని కొనకముందే చదివించి సంతకం తీసుకోవాలి. కొందరు అది చదివి కొనకుండా వెళ్లిపోతారు. పోనివ్వండి. ఆ పిల్ల అమ్మ రేపు వడ్డాణం కొనడానికి వస్తుంది.

డిజైన్ల విషయంలో పెద్ద షోరూంల వెంట పరిగెత్తొద్దు. వాళ్లకు నెలకు వందల మోడళ్లు దిగుతాయి, మన వల్ల కాదు. మన దగ్గర వాళ్లకు లేనిది మన ఆచారిగారి నక్షి పని. ఐదు సవర్ల కాసులపేరు కొనలేనివాళ్లకు అదే చెయ్యి తిరిగిన పనితో రెండు సవర్లలో చేయిద్దాం. ఏడాదికి ఇరవై డిజైన్లు చాలు.

అవ్వల నగలు కరిగించి కొత్తవి చేయించుకునేవాళ్లకు ఇంకొకటి చేయొచ్చు. కరిగించేముందు నగను ఫోటో తీసి ఇవ్వడం, పాత కాసులపేరులోని ఒక కాసును కొత్త నెక్లెస్‌లో లాకెట్‌గా కట్టడం. ఇక్కడ జాగ్రత్త కావాలి: ఆ పాత కాసు 91.6కు తగ్గితే మొత్తం వస్తువు హాల్‌మార్క్ పరీక్షలో తప్పుతుంది. కాబట్టి ముందు కాసును పరీక్షించాలి. నిలబడితే కడతాం. నిలబడకపోతే దాన్ని కరిగించకుండా, లెక్కలో కలపకుండా, చిన్న డబ్బాలో పెట్టి తిరిగి ఇస్తాం. జ్ఞాపకం కోసం స్వచ్ఛత విషయంలో రాజీ పడొద్దు. స్వచ్ఛత కోసం జ్ఞాపకాన్ని మూసలో పోయనూ వద్దు.

తరుగు బేరం ఆపాలి

చిన్నాయనకు కోపం వస్తుందని తెలిసే రాస్తున్నాను. పోయిన నెల ఒకే రకం గాజుల జతకు పొద్దున వచ్చినామెకు 14 శాతం, సాయంత్రం వచ్చినామెకు 10 శాతం వేశాం. ఇద్దరిదీ కొర్లగుంటలో ఒకే వీధి. మొదటామె మళ్లీ రాలేదు. బేరం ఆడగలిగినవాళ్లకు ఒక రేటు, మొహమాటస్తులకు ఒక రేటు ఉన్న చోట నమ్మకం గురించి ఎన్ని ప్రకటనలు ఇచ్చినా వృథా. సాదా గాజులు, గొలుసులు, నక్షి పని, రాళ్ల పని, నాలుగు రకాలకు నాలుగు తరుగు శాతాలు గోడ మీద రాసేద్దాం. మన చుట్టాలకూ అదే. పెళ్లి కొనుగోలుకు ఏదైనా ఇవ్వాలంటే తరుగు ముట్టుకోకుండా, జడబిళ్ల మెరుగు పెట్టడమో, పుస్తెలకు మజూరీ వదిలేయడమో చేద్దాం. పుస్తెల మజూరీ వదలడం తాత కూడా చేసేవారట, నాయన చెప్పారు.

ప్రకటనల్లో

దేవుడి బొమ్మ, నామాలు, "స్వామివారి సన్నిధిలో" లాంటి మాటలు మనకు వద్దు. కొండకు వచ్చే భక్తుల నమ్మకం మన సరుకుకు గ్యారంటీ కాదు. సినిమా తార వద్దు, అంత డబ్బూ లేదు. అక్షయ తృతీయ రోజు అందరూ అరిచేటప్పుడు మనం అరవొద్దు.

ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు, అంగడి ఖాళీ. ఆ నెల ఎవరి దగ్గర కొన్న నగైనా ఉచితంగా పరీక్షించి మెరుగు పెడదాం. మెరుగులో కొంత బంగారం పోతుంది కదా, ముందు బరువు, తర్వాత బరువు రెండూ చీటీ మీద రాసిద్దాం. శ్రావణంలో తిరుచానూరు వరలక్ష్మీ వ్రతానికి వచ్చేవాళ్లు, లక్ష్మీ కాసు కొనేవాళ్లు, ఆ చీటీ చేతిలో ఉన్నవాళ్లే అవుతారు.

ఎవరు, ఎప్పుడు

కొత్త బిల్లు నమూనా నేను ఈ నెలాఖరుకు ఇస్తాను. 18 క్యారెట్ కౌంటర్ అన్న చూసుకోవాలి, అది వీధి వైపు కాకుండా లోపల ఎడమ పక్కన. నాలుగు తరుగు శాతాలు చిన్నాయనే నిర్ణయించాలి. ఏ పనికి ఎంత పోతుందో మాలో ఎవరికీ ఆయనంత తెలియదు. పాత బిల్లుల హామీ కాగితం మీద మొదటి సంతకం నాయనది. బోర్డు ఆషాఢం మొదటి వారానికి మారాలి. తాత పేరు ఉన్న పాత బోర్డును తీసి అటక మీద వేయకుండా, బిల్లు కౌంటర్ వెనక గోడకు పెట్టిద్దాం.