సబ్జెక్ట్: మీటింగుల్లో కాల్ కట్ అవడానికి కారణం, వైర్డ్ కనెక్షన్‌కి అనుమతి కోసం

సుజాత గారూ, నమస్తే.

గత రెండు వారాల్లో ఐదు మీటింగుల్లో మధ్యలోనే నా కాల్ కట్ అయింది. రెండు పొద్దున 10:15 స్టాండప్‌లు, రెండు టెస్టింగ్ టీమ్‌తో కాల్స్, ఒకటి బుధవారం క్లయింట్ రివ్యూ. ఆ రివ్యూలో స్క్రీన్ షేర్ ఆగిపోయి డెమో మిగతా భాగం మీరే చూపించాల్సి వచ్చింది. దానికి సారీ. ప్రతిసారీ చాట్‌లో "నెట్ ప్రాబ్లం" అని పెట్టి వదిలేస్తే ఇది తేలేలా లేదని నాలుగు రోజులు లాగ్స్ తీశాను. ఇంటర్నెట్ లైన్ బాగానే ఉంది. తేడా అంతా లాప్‌టాప్‌కీ రూటర్‌కీ మధ్య ఉన్న వైఫైలో. అక్కడ కేబుల్ లాగితే సమస్య పోతుంది. అందుకు మీ నుంచి కావాల్సినవి రెండే, కింద "మీ నుంచి కావాల్సినవి" అన్న చోట రాశాను. టైమ్ లేకపోతే నేరుగా అక్కడికే వెళ్లండి.

లైన్ బాగుందని ఎలా చెబుతున్నానంటే, ఆఫీస్ టైమ్ మొత్తం రెండు విండోల్లో ఈ రెండు కమాండ్లు నడుస్తూ ఉన్నాయి:

```
ping -t 192.168.1.1
ping -t 8.8.8.8
```

మొదటిది ఇంట్లో ఉన్న రూటర్ వరకే వెళ్లొస్తుంది. రెండోది రూటర్ దాటి బయటికి పోతుంది. రెండోది ఒక్కటే ఆగితే తప్పు సర్వీస్ ప్రొవైడర్‌ది. రెండూ ఒకేసారి ఆగితే తప్పు ఇంట్లోనే. నాలుగు రోజుల్లో రెండోది ఒంటరిగా ఆగింది ఒక్కసారి కూడా లేదు, ఆగిన ప్రతిసారీ రెండూ కలిసే ఆగాయి. పాత లాప్‌టాప్ ఒకటి రూటర్ పక్కన చిన్న కేబుల్‌తో పెట్టి అదే రెండో పింగ్ అందులోనూ నడిపాను. కాల్ కట్ అయిన నిమిషాల్లో కూడా అందులో ఒక్క ప్యాకెట్ కూడా తప్పిపోలేదు.

స్పీడ్ టెస్ట్ మాత్రం ఎప్పుడు చూసినా 90 ఎంబీపీఎస్ పైనే చూపిస్తుంది, అందుకే ఇన్నాళ్లూ వైఫై మీద అనుమానం రాలేదు. స్పీడ్ టెస్ట్‌లో పోయిన ప్యాకెట్ మళ్లీ పంపితే సరిపోతుంది, చివరికి లెక్క బాగానే వస్తుంది. మీటింగ్ ఆడియోకి అలా కుదరదు. అర సెకను ఆలస్యంగా వచ్చిన మాట ఇక ఎందుకూ పనికిరాదు, దాన్ని పారేయడమే. మాట ముక్కలుముక్కలుగా, రోబో గొంతులా వినిపించేది అందుకే.

లాగ్స్‌లో రెండు రకాల తప్పులు కనిపించాయి. రెండింటికీ కారణాలు వేరు కాబట్టి విడివిడిగా రాస్తున్నాను.

మొదటిది, కాల్ పూర్తిగా తెగిపోవడం. బుధవారం 4:12కి జరిగింది ఇదే. ఆ సమయంలో పింగ్ విండోలో `Request timed out.` రాలేదు, వరసగా `General failure.` వచ్చింది. టైమౌట్ అంటే వైఫై ఉంది కానీ జవాబు రాలేదని. జనరల్ ఫెయిల్యూర్ అంటే అసలు వైఫై కనెక్షనే పోయిందని. దాదాపు ఒక నిమిషం అలా ఉండి తిరిగి వచ్చింది. రూటర్ లాగ్‌లో సరిగ్గా అదే నిమిషంలో `Radar detected` అని ఉంది. విషయం ఏమిటంటే, రూటర్ ఆటో సెట్టింగ్‌లో 100వ ఛానెల్‌ని ఎంచుకుంది. 5 గిగాహెర్ట్జ్‌లో 52 నుంచి 144 వరకు ఉన్న ఛానెళ్లను రాడార్లు కూడా వాడతాయి. అలాంటి సిగ్నల్ ఏదైనా వినిపించిందని అనుమానం వచ్చినా రూటర్ ఆ ఛానెల్ ఖాళీ చేయాల్సిందే. వెళ్లే కొత్త ఛానెల్ కూడా ఆ వరసలోదే అయితే, అక్కడ కనీసం ఒక నిమిషం వినిపించుకున్నాకే ప్రసారం మొదలుపెట్టాలి. ఆ నిమిషంలో మీటింగ్ పోతుంది, వెనకే వీపీఎన్ కూడా పోతుంది. సోమవారం ఛానెల్‌ని 36కి ఫిక్స్ చేశాను. 36, 40, 44, 48 ఛానెళ్లకు ఈ రాడార్ గొడవ లేదు. అప్పటి నుంచి పూర్తిగా తెగడం జరగలేదు.

రెండోది, తెగకుండానే మాట తడబడటం, వీడియో బిగుసుకుపోవడం. ఇది ఛానెల్ మార్చినా తగ్గలేదు. పని గది రూటర్‌కి 11 మీటర్ల దూరంలో ఉంది. మధ్యలో రెండు గోడలు, ఒక గోడకి ఆనించి ఇనుప బీరువా. ఇనుము సిగ్నల్‌ని దాటనివ్వదు, వెనక్కి కొడుతుంది. `netsh wlan show interfaces` కొడితే డెస్క్ దగ్గర సిగ్నల్ 38 నుంచి 45 శాతం మధ్య ఊగుతోంది, రూటర్ ఉన్న గదిలో 95 పైనే. 5 గిగాహెర్ట్జ్ బాగా బలహీనపడగానే లాప్‌టాప్ తనంతట తనే 2.4కి దూకుతుంది. అక్కడ పక్కిళ్ల వైఫైలు, మైక్రోవేవ్ ఓవెన్, నా బ్లూటూత్ హెడ్‌సెట్ అన్నీ ఒకే గాలిలో కొట్టుకుంటున్నాయి. ఆ సమయాల్లో రూటర్‌కి పింగ్ 3 మిల్లీసెకన్ల నుంచి 400కి, ఒక్కోసారి 900కి ఎగబాకుతోంది. పక్క గదిలో ఉన్న పెట్టె నుంచి జవాబు రావడానికి దాదాపు ఒక సెకను.

ఎక్స్‌టెండర్ లేదా మెష్ పెట్టొచ్చు కదా అని మీకు అనిపించవచ్చు. సిగ్నల్ బార్లు పెరుగుతాయి, నిజమే. కానీ రెండు పెట్టెల మధ్య మాట మళ్లీ గాలిలోనే వెళ్లాలి, అదే రేడియో అటూ ఇటూ పంచుకోవాలి. మామూలు ఎక్స్‌టెండర్‌లో స్పీడ్ దాదాపు సగమవుతుంది, ఆలస్యం ఊగడం అలాగే ఉంటుంది. మెష్ కూడా కేబుల్‌తో కలిపితేనే బాగా పనిచేస్తుంది. ఆ కేబుల్ ఏదో నేరుగా డెస్క్ దగ్గరికే లాగితే మేలు కదా. రూటర్‌ని జరపడం కూడా చూశాను. ఫైబర్ లైన్ లోపలికి వచ్చే చోటు అదే కాబట్టి అది కుదరదు.

నా ప్రతిపాదన ఇది. రూటర్ నుంచి డెస్క్ వరకు గోడ అంచు వెంట కొలిస్తే 18 మీటర్లు వచ్చింది, రెండు చివర్లా కాస్త మిగలాలి కాబట్టి 20 మీటర్ల క్యాట్6 తీసుకుంటాను. ఈథర్నెట్ 100 మీటర్ల వరకు పనిచేస్తుంది, దూరం సమస్యే కాదు. ఒక గిగాబిట్‌కి క్యాట్5ఇ కూడా చాలు. తీగ మాత్రం పూర్తి రాగిదే అయ్యుండాలి. అల్యూమినియం మీద రాగి పూత పూసిన కేబుళ్లు చవగ్గా దొరుకుతాయి, చూడ్డానికి ఒకేలా ఉంటాయి, కానీ వంపుల దగ్గర తొందరగా విరిగి మొరాయిస్తాయి.

గోడలో పాత టీవీ కేబుల్ రంధ్రం ఉంది, వెడల్పు 10 మిల్లీమీటర్లు. ఆర్‌జే45 ప్లగ్ దాదాపు 12 ఉంటుంది కాబట్టి రెడీమేడ్ కేబుల్ అందులో పట్టదు. ముందు ఉత్త కేబుల్ దూర్చి, తర్వాత చివర్లు కట్టాలి. డెస్క్ వైపు ప్లగ్ కాకుండా గోడకి సాకెట్ పెడతాను, అక్కడి నుంచి లాప్‌టాప్‌కి మెత్తటి 2 మీటర్ల ప్యాచ్ కేబుల్. గోడ వెంట వెళ్లే గట్టి తీగ రోజూ కదిలితే లోపల తెగుతుంది. రెండు చివర్లా టీ568బీ వరసే: నారింజ తెలుపు, నారింజ, ఆకుపచ్చ తెలుపు, నీలం, నీలం తెలుపు, ఆకుపచ్చ, గోధుమ తెలుపు, గోధుమ. జతల మెలికలు చివర్లో అర అంగుళం మించి విప్పకూడదు. కరెంటు వైరింగ్ పక్కనే సమాంతరంగా పోకుండా, దాటాల్సిన చోట అడ్డంగా దాటిస్తాను. బయటి గోడకి కేబుల్ వేయడం లేదు కాబట్టి పిడుగు భయం తక్కువ.

లాప్‌టాప్‌లో లాన్ పోర్ట్ లేదు. అందుకే యూఎస్‌బీ-సి గిగాబిట్ అడాప్టర్ ఒకటి కావాలి. మీ అవసరం పడేది ఇక్కడే.

మీ నుంచి కావాల్సినవి: ఒకటి, ఆ అడాప్టర్ ఐటీ నుంచి ఇప్పించండి, లేదా సొంతంగా కొనుక్కునేందుకు అనుమతి ఇప్పించండి. మన లాప్‌టాప్‌లలో కొత్త యూఎస్‌బీ డివైస్‌లు బ్లాక్ అయి ఉంటాయి, ముందుగా చెప్పకుండా కొంటే గుచ్చినా పనిచేయదు. RTL8153 చిప్ ఉన్నది అయితే విండోస్‌లో వేరే డ్రైవర్ పెట్టకుండానే నడుస్తుంది, టికెట్‌లో ఆ మాట కూడా రాస్తాను. కేబుల్, సాకెట్ ఖర్చు నాదే. రెండు, ఈ శుక్రవారం మధ్యాహ్నం 3 నుంచి 5 వరకు సెలవు. కేబుల్ వేసే మనిషి అప్పుడే వస్తానన్నాడు. ఆ టైమ్‌లో మీటింగులేమీ లేవు, కోడ్ రివ్యూలు పొద్దునే ముగిస్తాను.

వేశాక "బాగుంది" అని నోటిమాటగా చెప్పను. వైఫై ఆపేసి ఇవి చూసి మీకు స్క్రీన్‌షాట్ పెడతాను:

```
Get-NetAdapter | Select Name, LinkSpeed
ping -n 1800 192.168.1.1
```

మొదటిదాంట్లో 1 Gbps రావాలి. 100 Mbps చూపిస్తే నాలుగు జతల్లో ఒకటి సరిగా కూర్చోలేదని అర్థం, చాలాసార్లు చివర మళ్లీ కడితే సరిపోతుంది. రెండోది అరగంట నడుస్తుంది, అందులో లాస్ సున్నా ఉండాలి. డివైస్ మేనేజర్‌లో అడాప్టర్‌కి `Allow the computer to turn off this device to save power` టిక్ తీసేయాలి, లేకపోతే కాసేపు పని ఆపగానే అది నిద్రపోయి కొత్త తలనొప్పి తెస్తుంది. టిక్ తీయడానికి అడ్మిన్ హక్కులు కావాలి, అది కూడా అదే టికెట్‌లో అడుగుతాను. మీటింగుల్లో ఉన్నంతసేపూ వైఫై ఆపే ఉంచుతాను. లేకపోతే ప్లగ్ కాస్త వదులైనా లాప్‌టాప్ మాట్లాడకుండా వైఫైకి మారిపోతుంది, వీపీఎన్ తెగి మళ్లీ కనెక్ట్ అవుతుంది, కారణం ఎవరికీ కనిపించదు.

కేబుల్‌తో తీరనిది ఒకటుంది. కరెంటు పోయినా, బయట ఫైబర్ తెగినా ఇది కాపాడదు. కరెంటు కోసం రూటర్‌కి చిన్న యూపీఎస్ ఇప్పటికే ఉంది. లైన్ పోయిన రోజుకి ఫోన్ హాట్‌స్పాట్‌ని యూఎస్‌బీ కేబుల్ ద్వారానే వాడతాను.

శుక్రవారం వరకు: మీటింగుల్లో బ్లూటూత్ బదులు వైర్ హెడ్‌సెట్, నా వీడియో ఆఫ్. క్లయింట్ కాల్స్‌కి లాప్‌టాప్ తీసుకుని రూటర్ ఉన్న గదిలోనే కూర్చుంటాను, పాత లాప్‌టాప్ పక్కన ఇంకో కుర్చీకి చోటుంది. గురువారం డెమోలో స్క్రీన్ షేర్ మాత్రం హరీష్‌కి ఇస్తే మంచిది. బిల్డ్, స్లైడ్లు బుధవారం సాయంత్రానికే తనకి పంపేస్తాను, మాట్లాడేది నేనే.

ఐటీ టికెట్ డ్రాఫ్ట్ సిద్ధంగా ఉంది. అడాప్టర్ రావడానికి రెండు రోజులు పడుతుంది కాబట్టి మంగళవారం సాయంత్రంలోపు మీరు ఓకే అంటే అప్పుడే సబ్మిట్ చేస్తాను.

ఇట్లు,
కిరణ్